ల్యాప్‌టాప్ అడుగు స్టిక్కర్ ఫోటో నుంచి సరైన వివరాలూ, సరిపోయే బ్యాటరీ కనుక్కోవడం ఎలా

ల్యాప్‌టాప్ బ్యాటరీ కావాలని దుకాణానికి వెళ్లినా, ఆన్‌లైన్‌లో వెతికినా, మొదట ఎదురయ్యే ప్రశ్న "మోడల్ ఏది?" అన్నదే. చాలామంది స్క్రీన్ చుట్టూ ఉన్న చట్రం మీద కనిపించే పేరునో, విండోస్ సెట్టింగుల్లో కనిపించే పేరునో చెబుతారు. ఆ పేరు సాధారణంగా ఒక్క యంత్రానిది కాదు, ఒక పెద్ద కుటుంబానిది. ఆ కుటుంబంలోని యంత్రాలు చూడటానికి ఒకేలా ఉన్నా ప్రాసెసర్, ర్యామ్ రకం, ఒక్కోసారి బ్యాటరీ కూడా వేరు వేరుగా ఉంటాయి. మీ చేతిలో ఉన్న యంత్రం ఆ కుటుంబంలో ఏదో తేల్చి చెప్పేది అడుగున అతికించిన చిన్న స్టిక్కర్. దానిని ఎలా ఫోటో తీయాలో, అందులోని ఏ సంఖ్య దేనికి పనికొస్తుందో, దాని ఆధారంగా బ్యాటరీ వరకు ఎలా వెళ్లాలో ఇక్కడ వరుసగా వివరిస్తాను.

ఉదాహరణగా హెచ్‌పీ వారి 15-bs శ్రేణిని తీసుకుంటున్నాను. 2017లో వచ్చిన ఈ శ్రేణి మన ఊళ్లలో విద్యార్థుల ఇళ్లలోనూ, చిన్న ఆఫీసుల్లోనూ ఇప్పటికీ కనిపిస్తుంది, పైగా దాని మొదటి బ్యాటరీ ఇప్పటికి అరిగిపోయి ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, పేరును నమ్ముకుంటే ఎక్కడ పొరపడతామో ఈ శ్రేణి చక్కగా చూపిస్తుంది. 15-bs అనే ఒక్క పేరు కిందే సెలెరాన్ N3060తో నడిచే చవక యంత్రమూ ఉంది, ఎనిమిదో తరం కోర్ ఐ5 8250U ఉన్న యంత్రమూ ఉంది. మొదటి దానికి DDR3L ర్యామ్ కావాలి, రెండో దానికి DDR4 కావాలి. రెండిటి పైకప్పూ ఒక్కటే కాబట్టి, పేరు చూసి ర్యామ్ కొన్నవారికి అది స్లాట్‌లో కూర్చోనే కూర్చోదు.

మొదటి మెట్టు: ఫోటో తీయడం

ల్యాప్‌టాప్‌ను స్లీప్‌లో పెట్టకుండా పూర్తిగా షట్‌డౌన్ చేయండి, ఛార్జర్ తీసివేయండి, మెత్తటి గుడ్డ మీద మూత కిందకు వచ్చేలా బోర్లించండి. తర్వాత రెండు ఫోటోలు తీయండి. ఒకటి అడుగు భాగం మొత్తం కనిపించేలా, మరొకటి స్టిక్కర్ మాత్రమే ఫ్రేమ్ నిండేలా ఉండాలి. మొదటి ఫోటో అనవసరమని అనిపించవచ్చు గాని, బ్యాటరీని గొళ్లెం జరిపి బయటకు లాగే ఏర్పాటు ఉందా, లేక మరలన్నీ విప్పి అడుగు మూత తీస్తే గాని చేతికి రాదా అన్నది ఆ ఫోటోలోనే తెలుస్తుంది. 15-bs శ్రేణిలో బ్యాటరీ బయటి నుంచే ఊడివస్తుంది. దాని తర్వాత వచ్చిన 15-da శ్రేణిలో బ్యాటరీ లోపల ఉంటుంది.

ఫ్లాష్ వాడవద్దు. స్టిక్కర్ పైన ఉండే నున్నటి పొర మీద ఆ వెలుగు ఒక తెల్లటి మచ్చలా పడి, సరిగ్గా మీకు కావలసిన అక్షరాలనే కప్పేస్తుంది. కిటికీ పక్కన, వెలుతురు ఏటవాలుగా పడేచోట ఉంచి, ఫోన్‌ను స్టిక్కర్‌కు సమాంతరంగా పట్టుకోండి. మరీ దగ్గరకు తీసుకువెళితే ఫోకస్ కుదరదు కాబట్టి ఒక జానెడు దూరం నుంచి కొద్దిగా జూమ్ చేసి తీయడం మేలు. తీసిన వెంటనే ఫోటోను పెద్దది చేసి ప్రతి అక్షరమూ చదవగలుగుతున్నారో లేదో చూసుకోండి. సున్నా, O అక్షరం ఒకేలా కనిపిస్తాయి. 8, B కూడా అంతే. 5ను S గా, 1ని I గా చదవడం కూడా మామూలే. ఫోటోలోని అక్షరాలను కాపీ చేసే ఫోన్ సదుపాయం కూడా ఇవే చోట్ల తప్పుతుంది కనుక, దానితో తీసుకున్న సంఖ్యను ఒకసారి కంటితో పోల్చి చూడండి.

ఒళ్లో పెట్టుకుని వాడిన ల్యాప్‌టాప్‌ల మీద స్టిక్కర్ అరిగిపోయి ఉంటుంది. దుమ్ము తుడవడానికి పొడి గుడ్డ చాలు. శానిటైజరుతోనో, థిన్నరుతోనో రుద్దితే మిగిలిన సిరా కూడా పోతుంది. అక్షరాలు చెరిగినా బార్‌కోడ్ గీతలు మిగిలి ఉంటే, బార్‌కోడ్ చదివే ఏ యాప్‌తోనైనా దానిని స్కాన్ చేయండి. సాధారణంగా అందులో సీరియల్ సంఖ్య గాని, ప్రొడక్ట్ సంఖ్య గాని ఉంటుంది. బ్యాటరీ ఊడివచ్చే మోడళ్లలో కొన్నిటికి ఈ స్టిక్కర్ బ్యాటరీ తీసిన తర్వాత కనిపించే గుంటలో ఉంటుంది. అడుగున ఎక్కడా కనబడకపోతే అక్కడ చూడండి.

రెండో మెట్టు: ఏ సంఖ్య ఏమిటో విడదీయడం

హెచ్‌పీ స్టిక్కర్ మీద మనకు పనికొచ్చే వరుసలు దాదాపు ఇలా ఉంటాయి. వ్యక్తిగత సమాచారం కనుక కొన్ని అక్షరాల స్థానంలో నక్షత్ర గుర్తులు పెట్టాను.

```
Model: 15-bs1**TU
Product: 3****PA#ACJ
Serial: CND812****
Regulatory Model: TPN-C129
19.5V  2.31A
```

ఇందులో ఎక్కువ మంది పట్టుకునేది TPN-C129నే. అది పెద్ద అక్షరాలతో, కొన్నిసార్లు విడిగా, స్పష్టంగా అచ్చై ఉంటుంది కాబట్టి మోడల్ నంబరు అదేనని అనుకుంటారు. నిజానికి అది రెగ్యులేటరీ సంఖ్య, అంటే ఆ శరీర నిర్మాణానికి భద్రతా పరీక్షలు జరిగాయని అధికారులకు చెప్పే గుర్తు. ఒకే పెట్టెలో అమర్చిన వేర్వేరు యంత్రాలన్నిటికీ అదే సంఖ్య ఉంటుంది. దానితో వెతికితే బ్యాటరీ అమ్మేవారి పేజీలు గుట్టలుగా వస్తాయి, కాని మీ యంత్రంలో ఏముందో ఏ పేజీ చెప్పలేదు. డెల్‌లో P75F వంటి సంఖ్యలు కూడా ఈ జాతివే. మన దేశంలో అమ్మే యంత్రాల మీద R- తో మొదలై ఎనిమిది అంకెలు ఉండే మరో సంఖ్య కూడా కనిపిస్తుంది. అది భారతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చే నమోదు సంఖ్య. అది కూడా మోడల్ కాదు. దాని ఉపయోగం వేరే ఉంది, బ్యాటరీ కొనే దశలో చెబుతాను.

మోడల్ వరుస చివర ఉన్న రెండక్షరాలను వదిలేయవద్దు. మన ప్రాంతానికి వచ్చే హెచ్‌పీ గృహ వినియోగ ల్యాప్‌టాప్‌లలో TU అంటే ఇంటెల్ ప్రాసెసరు, దానిలోనే ఉన్న గ్రాఫిక్స్. TX అంటే ఇంటెల్ ప్రాసెసరుతో పాటు వేరే గ్రాఫిక్స్ చిప్. AU, AX అనేవి ఏఎమ్‌డీ ప్రాసెసరుతో ఇదే తేడాను చెబుతాయి. ఫ్యాను గాని, వేడిని బయటకు పంపే రాగి గొట్టం గాని, మదర్‌బోర్డు గాని కొనవలసి వచ్చినప్పుడు ఈ రెండక్షరాలే ధరను, సరిపోవడాన్ని నిర్ణయిస్తాయి.

అసలైనది ప్రొడక్ట్ వరుస. ఇందులో PA అన్నది ఆసియా పసిఫిక్ ప్రాంతానికి, చివరి #ACJ అన్నది భారతదేశానికి గుర్తు. విదేశం నుంచి బంధువులు తెచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఈ చివరి భాగం వేరుగా ఉంటుంది, అమెరికాలో కొన్నదైతే #ABA అని ఉంటుంది. అలాంటి యంత్రానికి ఇక్కడి మోడల్ పేజీ చూసి వివరాలు నమ్మకూడదు. పేరు దగ్గరగా ఉన్నా లోపలి భాగాలు మారవచ్చు. వెతికేటప్పుడు మొత్తం సంఖ్యతో ఫలితం రాకపోతే # గుర్తు నుంచి తర్వాతి భాగం తీసేసి మళ్లీ వెతకండి.

సీరియల్ మీ ఒక్క యంత్రానిదే. ఈ తరం హెచ్‌పీ సీరియల్‌లో నాలుగో అక్షరం తయారైన సంవత్సరపు చివరి అంకె, ఆ తర్వాతి రెండూ వారం. పై ఉదాహరణలో 8, ఆ వెనుక 12 ఉన్నాయి కనుక అది 2018లో పన్నెండో వారంలో, అంటే మార్చి నెలలో తయారైంది. 15-bs శ్రేణి 2017కు ముందు లేదు కాబట్టి 2008 అనుకునే అవకాశం లేదు. సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు "రెండేళ్ల కిందటిదే సార్" అనే మాటను ఇక్కడే తేల్చుకోవచ్చు.

మిగిలింది 19.5 వోల్టులు, 2.31 ఆంపియర్లు అనే వరుస. దీనిని బ్యాటరీ వోల్టేజీగా భావించి 19.5 వోల్టుల బ్యాటరీ కోసం వెతికేవారిని తరచూ చూస్తుంటాం. అది ఛార్జర్ నుంచి యంత్రంలోకి రావలసిన విద్యుత్తు. రెండు సంఖ్యలను గుణిస్తే 45 వాట్లు వస్తుంది, అంటే ఆ యంత్రానికి 45 వాట్ల ఛార్జర్ ఇచ్చారని అర్థం. బ్యాటరీ గురించి అడుగున ఉన్న ఈ స్టిక్కర్ నేరుగా ఏమీ చెప్పదు. మీది ఏ యంత్రమో చెప్పి, అక్కడితో ఆగుతుంది.

మూడో మెట్టు: స్టిక్కరూ యంత్రమూ ఒకటేనా అని చూడడం

మరమ్మతుకు వెళ్లివచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఈ మెట్టు దాటవేయకూడదు. అడుగు మూతను రిపేరు చేసేవారు డి-ప్యానెల్ అంటారు. అది విరిగినప్పుడు మరో పాత యంత్రం నుంచి తీసిన మూతను బిగించడం మామూలు విషయమే. అప్పుడు స్టిక్కర్ ఒక యంత్రానిది, లోపలి బోర్డు మరో యంత్రానిది అవుతాయి. సెకండ్‌హ్యాండ్ సరుకులో ఇది మరీ ఎక్కువ.

విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి ఈ రెండు వరుసలు ఒకదాని తర్వాత ఒకటి ఇవ్వండి.

```
Get-CimInstance Win32_ComputerSystem | Select-Object Model, SystemSKUNumber
Get-CimInstance Win32_BIOS | Select-Object SerialNumber
```

మొదటి ఆదేశానికి వచ్చే జవాబులో మోడల్ `HP Laptop 15-bs1xx` అన్నట్లు కనిపిస్తుంది. చివరి రెండు అక్షరాలు xx గానే ఉంటాయి, అది కుటుంబం పేరు. కుటుంబం పేరు చాలదని మొదట చెప్పినది ఇందుకే. దాని పక్కన ఉండే SystemSKUNumber మాత్రం స్టిక్కర్ మీది ప్రొడక్ట్ సంఖ్యతో సరిపోవాలి, రెండో ఆదేశానికి వచ్చేది సీరియల్‌తో సరిపోవాలి. రెండూ సరిపోతే ముందుకు వెళ్లండి. రెండూ వేరే సంఖ్యలు చూపిస్తే అడుగు మూత మార్చి ఉంటారు, అప్పుడు తెర మీద కనిపించిన సంఖ్యలనే నమ్మండి. అక్కడ ఏమీ లేకుండా ఖాళీగా వస్తే మదర్‌బోర్డు మార్చి, కొత్త బోర్డులో ఈ సంఖ్యలు నింపకుండా వదిలేసి ఉండవచ్చు. ఆ పరిస్థితిలో స్టిక్కర్ పాత బోర్డు గురించి చెబుతోందని గుర్తుంచుకోవాలి. బ్యాటరీ విషయంలో పెద్ద నష్టం లేదు గాని, ప్రాసెసర్, ర్యామ్ వివరాల కోసం దాని మీద ఆధారపడలేరు. హెచ్‌పీ యంత్రాల్లో Fn, Esc మీటలు కలిపి నొక్కితే కూడా ఈ సంఖ్యలు చిన్న పెట్టెలో కనిపిస్తాయి.

నాలుగో మెట్టు: వివరాలు తెచ్చుకోవడం

support.hp.com లో సీరియల్ సంఖ్య ఇస్తే మీ మోడల్ పేజీ తెరుచుకుంటుంది. అందులో ఉత్పత్తి వివరాల భాగంలో ప్రాసెసర్, ర్యామ్ రకం, డిస్క్, తెర పరిమాణం వంటివి ఉంటాయి. ఈ వివరాలన్నీ యంత్రం ఫ్యాక్టరీ దాటిన నాటివి. తర్వాత ఎవరైనా ర్యామ్ పెంచినా, హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వేసినా ఆ పేజీకి తెలియదు. కాబట్టి "ఇందులో ఏముండాలి" అన్నదానికి ఆ పేజీ, "ఇప్పుడు ఏముంది" అన్నదానికి విండోస్‌లోని టాస్క్ మేనేజర్ అని విడదీసి చూడండి.

విడిభాగాల కోసం హెచ్‌పీకి partsurfer.hp.com అని వేరే సైటు ఉంది. సీరియల్ గాని, ప్రొడక్ట్ సంఖ్య గాని అక్కడ ఇస్తే విడిభాగాల జాబితా వస్తుంది. అందులో బ్యాటరీ ఎదురుగా ఆరంకెలు, ఒక గీత, మరో మూడంకెలు ఉండే భాగం సంఖ్య కనిపిస్తుంది. 15-bs యంత్రాలకు 919700-850, 919701-850 అనే రెండు సంఖ్యలు ఉన్నాయి. ఒక్క అంకె తేడా. హడావిడిగా రాసుకునేటప్పుడు ఒకటి మరొకటిగా మారిపోవడం ఎంత సులభమో చెప్పనక్కరలేదు, అందుకే దీనిని చేత్తో రాయకుండా కాపీ చేసుకోండి. జాబితాలో ఒకటి కంటే ఎక్కువ బ్యాటరీ వరుసలు వస్తే, తుది నిర్ణయం కింది మెట్టులో జరుగుతుంది. పాత యంత్రానికి ఆ సైటులో జాబితా రాకపోతే, మోడల్ పేరుకు మెయింటెనెన్స్ అండ్ సర్వీస్ గైడ్ అని కలిపి వెతకండి. కంపెనీ తన సాంకేతిక నిపుణుల కోసం తయారుచేసిన ఆ పుస్తకంలో ప్రతి భాగం బొమ్మ, సంఖ్య, విప్పే క్రమం ఉంటాయి.

ఐదో మెట్టు: బ్యాటరీ మీది లేబుల్‌తో తేల్చుకోవడం

15-bs లో గొళ్లెం జరిపితే బ్యాటరీ చేతికి వస్తుంది. దాని మీద కూడా ఒక లేబుల్ ఉంటుంది. దానిని కూడా ఫోటో తీసుకోండి. ఈ శ్రేణికి రెండు రకాల బ్యాటరీలు వచ్చాయి. ఒకటి JC03, రెండోది JC04.

JC03 లేబుల్ మీద 10.95 వోల్టులు, 2850 మిల్లీఆంపియర్ అవర్లు, 31.2 వాట్ అవర్లు అని ఉంటుంది. JC04 మీద 14.6 వోల్టులు, 2850 మిల్లీఆంపియర్ అవర్లు, 41.6 వాట్ అవర్లు అని ఉంటుంది. మిల్లీఆంపియర్ సంఖ్య రెండిటికీ ఒక్కటే అని గమనించండి. ఆ ఒక్క సంఖ్యను చూసి పోల్చేవారికి రెండు బ్యాటరీల మధ్య తేడాయే తెలియదు, కాని రెండోది మొదటిదాని కంటే మూడో వంతు ఎక్కువ శక్తిని నిల్వ చేస్తుంది. దానికి కారణం సెల్‌ల సంఖ్య. JC03 లో మూడు సెల్‌లను గొలుసులా ఒకదాని వెనుక ఒకటి కలిపారు, JC04 లో నాలుగింటిని కలిపారు. ఇలా కలిపినప్పుడు వోల్టేజీ కూడుతుంది గాని మిల్లీఆంపియర్ అవర్లు పెరగవు. ఒక్కో సెల్ 3.65 వోల్టులు కనుక మూడింటికి 10.95, నాలుగింటికి 14.6 వచ్చాయి. వోల్టేజీని ఆంపియర్ అవర్లతో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి: 14.6 ను 2.85 తో గుణించి చూడండి, 41.6 వస్తుంది.

ఈ చిన్న లెక్క తెలిస్తే దుకాణంలో సగం అయోమయం పోతుంది. ఇతర కంపెనీలు తయారుచేసిన బ్యాటరీల మీద 14.8 వోల్టులు అని రాసి ఉంటుంది. వారు ఒక్కో సెల్‌ను 3.7 వోల్టులుగా లెక్కవేశారు, అంతే. 14.6, 14.8 రెండూ నాలుగు సెల్‌లవే, భయపడనక్కరలేదు. 10.95, 11.1 రెండూ మూడు సెల్‌లవే. కాని 11.1 ఉన్నదానికీ 14.8 ఉన్నదానికీ మధ్య ఒక పూర్తి సెల్ తేడా ఉంది, "కొంచెం తేడానే కదా" అని ఆ గీత దాటవద్దు. రెండు రకాలూ 15-bs కు సరిపోతాయని అమ్మకందారులు రాస్తుంటారు, ఆ శ్రేణి మొత్తాన్ని తీసుకుంటే అబద్ధం కాదు. అయినా మీ యంత్రంతో వచ్చినది ఏదో అదే కొనడం నా సలహా. ఆ యంత్రం విడిభాగాల జాబితాలో రెండూ ఉన్నాయని రుజువు కనిపిస్తే తప్ప మార్చవలసిన పని లేదు.

పాత బ్యాటరీ ఎక్కడో పోయి, చేతిలో స్టిక్కర్ ఫోటో మాత్రమే ఉంటే విడిభాగాల జాబితాయే ఆధారం. పాత బ్యాటరీ యంత్రంలోనే ఉండి, అది లోపల బిగించిన రకమై, మూత విప్పడం ఇష్టం లేకపోతే మరో దారి ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌లో ఈ ఆదేశం ఇవ్వండి.

```
powercfg /batteryreport
```

నివేదిక ఎక్కడ దాచిందో అది వెంటనే చూపిస్తుంది. ఆ ఫైలును బ్రౌజరులో తెరిస్తే DESIGN CAPACITY అనే వరుసలో మిల్లీవాట్ అవర్లలో ఒక సంఖ్య ఉంటుంది. 15-bs లో అయితే 41 వేల పైచిలుకు కనిపిస్తే అది నాలుగు సెల్‌ల బ్యాటరీ, 31 వేల పైచిలుకు కనిపిస్తే మూడు సెల్‌లది. దాని కిందే FULL CHARGE CAPACITY ఉంటుంది. ఇది ఇప్పుడు నిజంగా నిండుతున్న పరిమాణం. 41,610 దగ్గర మొదలై 14,000 కు పడిపోయిందంటే మార్చే సమయం వచ్చినట్లే. అలా కాకుండా 35,000 దగ్గరే ఉండి ల్యాప్‌టాప్ గంటలోనే ఆగిపోతుంటే, తప్పు బ్యాటరీది కాకపోవచ్చు. వెనుక నడుస్తున్న ప్రోగ్రాములనో, తెర వెలుతురునో చూడాలి. కొత్త బ్యాటరీ కొనేముందు ఈ ఒక్క సంఖ్య చూస్తే చాలామందికి డబ్బు మిగులుతుంది.

లోపల బిగించిన బ్యాటరీ ఉన్న యంత్రాల్లో టచ్‌ప్యాడ్ పైకి ఉబికినా, అడుగు మూత అంచులు తెరుచుకున్నా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. దానిని ఛార్జ్ చేయవద్దు, నొక్కి మూత బిగించే ప్రయత్నం అసలే చేయవద్దు. విప్పే పని తెలిసినవారికి అప్పగించండి.

ఆరో మెట్టు: కొనడం

ఇప్పుడు మీ చేతిలో మూడు విషయాలు ఉన్నాయి: బ్యాటరీ పేరు JC04, భాగం సంఖ్య, 14.6 వోల్టులతో 41.6 వాట్ అవర్లు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లినా, ఊళ్లోని దుకాణదారుకు వాట్సాప్‌లో పంపినా ఇవే చెప్పండి. ఫోటో పంపవలసి వస్తే రెండు జాగ్రత్తలు పాటించండి. వాట్సాప్ ఫోటోను కుదించి పంపుతుంది కాబట్టి సన్నటి అక్షరాలు అవతల మసకబారతాయి, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్లు చేరుతుంది. రెండోది, బ్యాటరీ అమ్మే మనిషికి మీ సీరియల్ సంఖ్య అవసరం లేదు. ఆ వరుసను, దాని బార్‌కోడ్‌ను కూడా కప్పేసి పంపండి. అంకెలను మూసి బార్‌కోడ్‌ను వదిలేస్తే మూసినట్లు కాదు. పాత ల్యాప్‌టాప్‌లకు అడుగున విండోస్ లైసెన్సు స్టిక్కర్ కూడా ఉంటుంది. ఇరవై ఐదు అక్షరాల ఆ కీ ఫోటోలో పడకుండా చూసుకోండి.

అమ్మకందారు పేజీలో "15-bs కు సరిపోతుంది" అన్న వాక్యం కంటే, బ్యాటరీ లేబుల్ స్పష్టంగా కనిపించే ఫోటో విలువైనది. ఆ ఫోటోలో పేరు, వోల్టేజీ, వాట్ అవర్లు మీ దగ్గరున్న వాటితో పోల్చండి. కనెక్టరు ఉన్న చోటు, గొళ్లెం పట్టుకునే గాడి, పొడవు పాత బ్యాటరీతో కలవాలి. లోపల బిగించే రకమైతే మర రంధ్రాల స్థానం, తీగ పొడవు కూడా చూడాలి.

అబద్ధపు సామర్థ్యాన్ని పట్టుకోవడానికి కూడా పై లెక్కే పనికొస్తుంది. అదే ఆకారం, అదే 14.8 వోల్టులు, కాని 5200 మిల్లీఆంపియర్ అవర్లు అని గొప్పగా రాసిన బ్యాటరీ చవకగా కనిపిస్తుంది. నాలుగు సెల్‌లు గొలుసులా ఉన్నప్పుడు మొత్తం బ్యాటరీ మిల్లీఆంపియర్ అవర్లు ఒక్క సెల్ మిల్లీఆంపియర్ అవర్లకు సమానం. ఈ కొలతలో ఇమిడే గుండ్రటి సెల్, పేరున్న కంపెనీది అయినా, సుమారు 3500 దగ్గర ఆగిపోతుంది. అందుకే 5200 అన్నది ఆ గొట్టంలో పట్టదు. అలా రాసినవారు మిగతా విషయాల్లో నిజం రాస్తారని ఎందుకు నమ్మాలి?

ఇందాక చెప్పిన R- నమోదు సంఖ్య ఇక్కడ అక్కరకు వస్తుంది. లిథియం బ్యాటరీలకు మన దేశంలో IS 16046 ప్రమాణం ప్రకారం నమోదు తప్పనిసరి, ఆ సంఖ్య బ్యాటరీ లేబుల్ మీదే ఉండాలి. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆ R- సంఖ్య ఇస్తే నమోదు చేసిన తయారీదారు పేరు, ఏ వస్తువుకు నమోదు జరిగిందో కనిపిస్తాయి. ఫలితమే రాకపోయినా, బ్యాటరీ సంఖ్య అని చూస్తే వేరే వస్తువు పేరు వచ్చినా ఆ సరుకు వదిలేయండి. సంఖ్య సరిగ్గా ఉన్నంత మాత్రాన బ్యాటరీ నాణ్యమైనదని రుజువు కాదు గాని, సంఖ్య లేకపోవడం మాత్రం వద్దనడానికి చాలిన కారణం. లేబుల్ మీద తయారైన తేదీ ఉంటే అది కూడా చూడండి, ఎందుకంటే లిథియం బ్యాటరీ వాడకుండా అల్మారాలో ఉంచినా ఏటికేడు కొంత సామర్థ్యం కోల్పోతుంది. 15-bs వంటి పాత యంత్రానికి కంపెనీ అసలు బ్యాటరీ దొరికినా, ఏళ్ల తరబడి గోదాములో ఉన్నదైతే, కొత్తగా తయారైన మంచి ఇతర కంపెనీ బ్యాటరీయే మేలని నా అభిప్రాయం.

ఇతర కంపెనీల స్టిక్కర్లు

డెల్ యంత్రానికి అడుగున ఏడు అక్షరాల సర్వీస్ ట్యాగ్ ఉంటుంది. దాని పక్కన ఉండే పొడవైన ఎక్స్‌ప్రెస్ సర్వీస్ కోడ్ అదే ట్యాగును అంకెల్లోకి మార్చినది, కాబట్టి ఒకటి అరిగిపోతే మరొకటి చాలు. ఆ ట్యాగును డెల్ సపోర్టు సైటులో ఇస్తే, యంత్రం తయారైనప్పుడు అందులో వేసిన భాగాల జాబితాయే కనిపిస్తుంది. అందులో బ్యాటరీ వరుస కూడా ఉంటుంది కనుక, ఈ విషయంలో డెల్‌ది అన్నిటికంటే సులభమైన దారి.

లెనోవోలో మోడల్ పేరు కంటే నాలుగక్షరాల మెషిన్ టైపు ముఖ్యం, సీరియల్‌తో వారి సైటులో భాగాల జాబితా చూడవచ్చు. వారి బ్యాటరీ పేర్లలో ఒక తికమక ఉంది. L16M2PB1, L16L2PB1 అన్న పేర్లు చూసి రెండు వేర్వేరు బ్యాటరీలని అనుకుంటారు. మధ్యలో మారిన ఆ ఒక్క అక్షరం తయారుచేసిన సంస్థను సూచిస్తుంది, మిగతావి కలిస్తే, వోల్టేజీ, కనెక్టరు కూడా కలిస్తే ఒకదాని స్థానంలో మరొకటి వాడవచ్చు. చివరి అంకె మారితే మాత్రం ఆకారం మారే అవకాశం ఉంది, అప్పుడు ఫోటోతో పోల్చుకోవాలి.

బిగించిన తర్వాత

ల్యాప్‌టాప్ ఆపి, ఛార్జర్ తీసి, కొత్త బ్యాటరీని టక్కుమని శబ్దం వచ్చేదాకా నెట్టండి. పూర్తిగా నిండేవరకు ఛార్జ్ చేసి, తర్వాత powercfg నివేదికను మళ్లీ తీయండి. DESIGN CAPACITY లేబుల్ మీది వాట్ అవర్లకు దగ్గరగా ఉండాలి, FULL CHARGE CAPACITY దానికి దాదాపు సమానంగా ఉండాలి, CYCLE COUNT కనిపిస్తే అది చాలా చిన్న అంకె కావాలి. కొత్తదని అమ్మిన బ్యాటరీ వందల సైకిళ్లు చూపిస్తే అది వాడిన సరుకు.

అయితే ఈ సంఖ్యలను బ్యాటరీలోని చిన్న సర్క్యూటు చెబుతుంది, చవక బ్యాటరీల్లో ఆ సర్క్యూటుకు ఏది చెప్పమంటే అదే చెబుతుంది. అందుకని ఒకసారి నిజంగా వాడి చూడాలి. తెర వెలుతురు ఒకచోట స్థిరంగా పెట్టి, మామూలు పనులు చేస్తూ, నూరు శాతం నుంచి ఇరవై శాతం వరకు ఎంతసేపు వచ్చిందో గమనించండి. 41 వాట్ అవర్ల బ్యాటరీలో ఆ ఎనభై శాతం అంటే సుమారు 33 వాట్ అవర్లు. పది వాట్ల చొప్పున ఖర్చయ్యే యంత్రానికి మూడు గంటలకు పైగా రావాలి. శాతం నలభై దగ్గర నుంచి ఒక్కసారిగా అయిదుకు జారిపోయి యంత్రం ఆగిపోతే సెల్‌లు బలహీనమైనవి. హెచ్‌పీ యంత్రాన్ని ఆన్ చేస్తూ F2 నొక్కితే వచ్చే హార్డ్‌వేర్ పరీక్షల్లో బ్యాటరీ పరీక్ష కూడా ఉంటుంది, దాని ఫలితాన్ని ఫోటో తీసి ఉంచుకోండి. వాపసు గడువు ముగియకముందే ఈ పరీక్షలన్నీ పూర్తిచేసి, తేడా కనిపిస్తే బిల్లుతో పాటు ఆ ఫోటోనూ నివేదికనూ అమ్మకందారుకు చూపించండి.